100 కేవీఏ స్తంభ ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ వైపు ఫ్యూజు: ఛార్జింగుకు నిలవాలి, ఎల్‌టీ షార్టుకు పోవాలి

ప్రశ్న: నరసన్నపేట వైపు 100 కేవీఏ వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మా పర్యవేక్షణలో ఉంది. హెచ్‌జీ సెట్టులో 35 గేజి టిన్‌డ్ కాపర్ తీగ వేస్తే ఛార్జ్ చేసిన క్షణంలోనే పోతోంది, రెండు పోగులు మెలేస్తే నిలుస్తోంది. ఇప్పుడు డీఓ ఫ్యూజు సెట్లు పెడుతున్నాం. లింకు ఎంతది వేయాలి? ఛార్జింగుకు పోకూడదు, ఎల్‌టీలో షార్టయితే మాత్రం పోవాలి. లెక్క ఎలా వేస్తారో చెప్పగలరు.

జవాబు:

నమస్కారం. మీ ట్రాన్స్‌ఫార్మర్‌కు కె రకం లింకుల్లో 10 ఆంపియర్లది వేయండి. 8 వేస్తే ఛార్జింగు తట్టుకుంటుంది గానీ మోటార్ల భారం ముందు చాలదు. 15 వేస్తే ఛార్జింగుకు ఏ ఇబ్బందీ ఉండదు గానీ ఎల్‌టీ షార్టులో ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడేంత త్వరగా పోదు. ఈ మాట లెక్కతో ఎలా తేలుతుందో కింద వివరిస్తాను. మీది 11 కేవీ, 433 వోల్టుల డీవైఎన్ 11 కనెక్షన్ ట్రాన్స్‌ఫార్మర్ అనీ, ఇంపెడెన్సు 4.5 శాతం అనీ తీసుకుంటున్నాను. ఈ రెండూ నేమ్ ప్లేట్ మీద ఉంటాయి; అక్కడ వేరే అంకె కనిపిస్తే ఆ అంకెతో లెక్క మళ్లీ వేసుకోవాలి.

ముందుగా పూర్తి లోడు కరెంటు. 100 కేవీఏకు హెచ్‌టీ వైపు 5.25 ఆంపియర్లు, ఎల్‌టీ వైపు 133 ఆంపియర్లు. చాలామంది ఇక్కడే ఆగి, 5.25 కదా, 5 ఆంపియర్లు మోసే 35 గేజి తీగ సరిపోతుందిలే అనుకుంటారు. అయితే ఈ ఫ్యూజు పని ఓవర్‌లోడును ఆపడం కాదు. 10కె లింకు 15 ఆంపియర్లను ఎంతసేపైనా మోస్తుంది, అంటే పూర్తి లోడుకు దాదాపు మూడు రెట్లు వచ్చినా కదలదు. ఓవర్‌లోడు సంగతి ఎల్‌టీ వైపు ఫ్యూజో, బ్రేకరో చూసుకోవాలి. హెచ్‌టీ ఫ్యూజుకు రెండే పనులు: ట్రాన్స్‌ఫార్మర్ లోపలగానీ దాని ఎల్‌టీ టెర్మినళ్ల దగ్గరగానీ ఫాల్టు వస్తే దాన్ని లైను నుంచి విడదీయడం, మామూలుగా వచ్చిపోయే పెద్ద కరెంట్లకు కదలకుండా ఉండడం. అందువల్ల దీని ఎంపిక పూర్తిగా సమయం మీద ఆధారపడుతుంది. ఎంత కరెంటు అన్న ప్రశ్న పక్కన ఎంతసేపు అన్న ప్రశ్న ఎప్పుడూ ఉండాలి.

ఛార్జింగు కరెంటు సంగతి చూద్దాం. ఏబీ స్విచ్ మూసిన క్షణంలో వోల్టేజి తరంగం ఏ బిందువు దగ్గర ఉందో, కోర్‌లో వెనకటి అయస్కాంతత్వం ఎంత మిగిలి ఉందో, దాన్నిబట్టి కోర్ సాచురేషన్‌లోకి పోయి కొన్ని సైకిళ్లపాటు పెద్ద కరెంటు లాగుతుంది. అందుకే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నాలుగుసార్లు శుభ్రంగా ఛార్జయి, ఐదోసారి ఫ్యూజు పోగొట్టవచ్చు. నాలుగుసార్లు నిలిచిందని ఆ ఫ్యూజు సరైనదని నమ్మకూడదు. ఈ అనిశ్చితిని దాటడానికి రక్షణ లెక్కల్లో రెండు బిందువులు వాడతారు: పూర్తి లోడుకు 12 రెట్లు 0.1 సెకను పాటు, 25 రెట్లు 0.01 సెకను పాటు. మీ ట్రాన్స్‌ఫార్మర్‌కు అవి 63 ఆంపియర్లు, 131 ఆంపియర్లు. ఫ్యూజు కరగడం మొదలయ్యే కర్వ్ ఈ రెండింటికీ పైన ఉండాలి.

మీ 35 గేజి తీగ ఎందుకు పోతోందో ఇక్కడే తెలుస్తుంది. ఆ తీగ వ్యాసం 0.213 మిల్లీమీటర్లు, నెమ్మదిగా పెంచుకుంటూ పోతే దాదాపు 8 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. అయితే సెకనులో పదోవంతు లాంటి కొద్ది సమయంలో వేడి బయటికి పోవడానికి వ్యవధి ఉండదు కాబట్టి, తీగ కరగడానికి కావలసింది కరెంటు వర్గాన్ని సమయంతో గుణించగా వచ్చే ఒక స్థిరమైన మొత్తం. రాగికి ఈ మొత్తాన్ని తీగ మందాన్నిబట్టి లెక్కకట్టవచ్చు. 35 గేజికి అది సుమారు 100. ఛార్జింగు బిందువు దగ్గర 63 వర్గాన్ని 0.1తో గుణిస్తే దాదాపు 400 వస్తుంది. అంటే తీగ తట్టుకోగలిగిన దానికి నాలుగు రెట్లు. రెండు పోగులు కలిపితే కరెంటు సగం సగం పంచుకుంటుంది కాబట్టి మొత్తం నాలుగింతలై 400 దగ్గరికి చేరుతుంది, అందుకే నిలుస్తోంది. కానీ అది సరిగ్గా అంచు మీద నిలవడం. కోర్‌లో అయస్కాంతత్వం ప్రతికూలంగా ఉన్న రోజున మళ్లీ పోతుంది. పైగా రెండు పోగుల్ని ఎవరు ఎంత బిగువుగా మెలేశారు, కొమ్ముల దగ్గర ఎలా చుట్టారు అన్నదాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. డీఓ సెట్టుకు మారడం మంచి నిర్ణయమని నేను అనడానికి మొదటి కారణం ఇదే: తయారైన లింకుకు అచ్చువేసిన కర్వ్ ఉంటుంది, దాని మీద లెక్క వేయవచ్చు.

ఇప్పుడు మోటార్ల సంగతి. మన జిల్లాల వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లకు ఛార్జింగు కంటే ఇదే కఠినమైన పరీక్ష అని నా అభిప్రాయం. సరఫరా ఆగి మళ్లీ వచ్చినప్పుడు లోడు ఒక్కసారిగా మీద పడుతుంది. దీనికి సాధారణంగా పూర్తి లోడుకు 6 రెట్లు ఒక సెకను, 3 రెట్లు 10 సెకన్లు అని తీసుకుంటారు. మీ లెక్కలో అవి 31.5 ఆంపియర్లు, 15.75 ఆంపియర్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస, మందస ప్రాంతాల్లో రోజుల తరబడి సరఫరా లేక, ఆ పైన లైన్లను ఒక్కొక్కటిగా ఛార్జ్ చేసిన సందర్భాన్ని గుర్తు చేసుకుంటే ఈ బిందువులు కాగితం మీది ఊహలు కావని ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక లింకుల అంకెలు చూద్దాం. కె రకం లింకులకు ప్రమాణం నిర్ణయించిన కనీస కరుగు కరెంటు 6 ఆంపియర్ల లింకుకు 10 సెకన్ల దగ్గర 13.5, 0.1 సెకను దగ్గర 72. 8 ఆంపియర్ల లింకుకు 18, 97. 10 ఆంపియర్ల లింకుకు 22.5, 128. వీటిని నేరుగా పోల్చకండి. లింకు కరగకపోయినా, కరిగే స్థాయికి దగ్గరగా పదేపదే వేడెక్కితే దాని సన్నని భాగం సాగి, మెత్తబడి, కర్వ్ కిందికి జారిపోతుంది. ముందే లోడు మోస్తూ వేడిగా ఉన్న లింకు కూడా తొందరగా కరుగుతుంది. ఈ రెండింటికీ కలిపి కర్వ్ విలువలో 75 శాతాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి.

అలా తీసుకుంటే 6 ఆంపియర్ల లింకుకు 0.1 సెకను దగ్గర మిగిలేది 54, మనకు కావలసింది 63. అది ఛార్జింగులోనే ఓడిపోతుంది. 8 ఆంపియర్ల లింకుకు అక్కడ దాదాపు 73 ఉంటుంది కాబట్టి ఛార్జింగు దాటుతుంది, కానీ 10 సెకన్ల దగ్గర 13.5 మాత్రమే మిగులుతుంది, మోటార్లు అడిగేది 15.75. అది మొదటి రోజు పోదు. కొన్ని వారాల తర్వాత, ఏ ఫాల్టూ లేని ఒక ఉదయం సరఫరా రాగానే పోతుంది, కారణం ఏమిటో ఎవరికీ అంతుబట్టదు. 10 ఆంపియర్ల లింకుకు 10 సెకన్ల దగ్గర 16.9, 0.1 సెకను దగ్గర 96 మిగులుతాయి. రెండు బిందువులూ దాటుతుంది. 0.01 సెకను దగ్గరి 131 ఆంపియర్ల బిందువుకు దాని కర్వ్ ఇంకా చాలా పైన ఉంటుంది. ఇది కింది హద్దు.

పై హద్దును ఎల్‌టీ షార్టు నిర్ణయిస్తుంది. ఇంపెడెన్సు 4.5 శాతం కాబట్టి ఎల్‌టీ టెర్మినళ్ల దగ్గరే మూడు ఫేజులూ కలిసిపోతే పూర్తి లోడుకు 22 రెట్లు, అంటే ఎల్‌టీ వైపు దాదాపు 2960 ఆంపియర్లు, హెచ్‌టీ వైపు 117 ఆంపియర్లు పారతాయి. ఈ అంకెతో లింకు ఎంచుకుంటే పొరపాటవుతుంది, ఎందుకంటే మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఒక ఫేజు న్యూట్రల్‌కు తగలడం. డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ ఫాల్టు హెచ్‌టీ ఫ్యూజుకు చిన్నదిగా కనిపిస్తుంది. ఎల్‌టీ ఫేజు వైండింగుకు 250 వోల్టులు, దానికి ఎదురుగా ఉన్న హెచ్‌టీ వైండింగుకు 11,000 వోల్టులు, నిష్పత్తి 44. టెర్మినళ్ల దగ్గర ఫేజు-న్యూట్రల్ షార్టులో కూడా సుమారు 2960 ఆంపియర్లే వస్తాయి గానీ, 44తో భాగిస్తే హెచ్‌టీ వైపు 67 మాత్రమే. ఆ హెచ్‌టీ వైండింగు రెండు లైన్ల మధ్య ఉంటుంది కాబట్టి ఈ 67 ఆంపియర్లు రెండు ఫ్యూజుల్లో పారతాయి, మూడోదానికి ఏమీ తెలియదు. ఎల్‌టీ వైండింగు మాత్రం పూర్తి 22 రెట్ల కరెంటును మోస్తూ ఉంటుంది. ఆ స్థాయిలో వైండింగు తట్టుకునే సమయం రెండున్నర సెకన్లు.

కాబట్టి ప్రశ్న ఇది: 67 ఆంపియర్ల దగ్గర లింకు రెండున్నర సెకన్ల లోపల పూర్తిగా తెగుతుందా? ఇక్కడ కనీస కరుగు విలువలు కాకుండా గరిష్ఠ విలువలు చూడాలి. 10కె లింకుకు అవి 10 సెకన్ల దగ్గర 34, 0.1 సెకను దగ్గర 154. కర్వ్ మీద 67 దగ్గర సమయం సెకనులోపే వస్తుంది. 15కె లింకుకు 10 సెకన్ల దగ్గరే 55 కావాలి, 67 దాన్ని కొద్దిగా దాటింది అంతే. సమయం రెండున్నర సెకన్లను మించిపోతుంది. 12 ఆంపియర్ల లింకు ఈ హద్దులో ఇమిడేలా ఉన్నా తేడా తక్కువగా ఉంటుంది కాబట్టి, 10 దొరకని అత్యవసరంలో తప్ప నేను వేయను.

లింకు ఎంపికలో కేవీఏ ఎంత ముఖ్యమో చూపడానికి ఒక్క మాట. ఇదే 10కె లింకును 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు వేస్తే, దాని టెర్మినళ్ల దగ్గర ఫేజు-న్యూట్రల్ షార్టుకు హెచ్‌టీ వైపు పారేది దాదాపు 17 ఆంపియర్లు. 10కె లింకు కరగడానికి ఐదు నిమిషాలకైనా 19.5 కావాలి. అంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతున్నా లింకు చలించదు. స్టోరులో 10 ఆంపియర్లవి ఉన్నాయి కదా అని అన్ని చోట్లా అవే బిగించడం వల్ల జరిగే నష్టం ఇది. 63 కేవీఏకు ఇదే లెక్క వేస్తే 6 ఆంపియర్ల లింకు వస్తుంది; మీరే ఒకసారి వేసి చూడండి, చేయి తిరుగుతుంది.

హెచ్‌జీ సెట్లు ఉన్నచోట ఫ్యూజు తీగ దొరకనప్పుడు ఏసీఎస్ఆర్ లేదా ఏఏఏసీ కండక్టరు నుంచి ఒక అల్యూమినియం పోగు లాగి కట్టేస్తుంటారు. ఆ పోగు వ్యాసం దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, అది కరగడానికి 200 ఆంపియర్లకు పైగా కావాలి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎల్‌టీ వైపు ఎంత ఘోరమైన షార్టు జరిగినా హెచ్‌టీలో పారేది 117 మాత్రమే అని పైన చూశాం. అంటే అల్యూమినియం పోగు కట్టినచోట ఎల్‌టీ ఫాల్టుకు ఫ్యూజే లేనట్టు. మీ పరిధిలో ఎక్కడ కనిపించినా ఆ రోజే తీయించండి.

ఇప్పుడు మీ ప్రశ్నలోని చివరి భాగం: ఎల్‌టీలో షార్టయితే పోవాలి అన్నారు. ఎక్కడి షార్టు అన్నది ముఖ్యం. ఎల్‌టీ లైను 34 చదరపు మిల్లీమీటర్ల ఏఏఏసీ అనుకుందాం. కిలోమీటరుకు దాదాపు ఒక ఓమ్ నిరోధం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 600 మీటర్ల దూరంలో, పొలం చివరి స్తంభం దగ్గర ఫేజు తీగ న్యూట్రల్‌కు తగిలితే కరెంటు పోనూ రానూ 1.2 కిలోమీటర్లు తిరగాలి. రియాక్టెన్సునూ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్సునూ కలిపితే మొత్తం 1.3 ఓములు, కరెంటు సుమారు 190 ఆంపియర్లు. 44తో భాగిస్తే హెచ్‌టీ వైపు 4.3 ఆంపియర్లు, అంటే పూర్తి లోడు కరెంటు కంటే తక్కువ. ఆ ఫాల్టును చూసి పోయే హెచ్‌టీ ఫ్యూజు ఉంటే, అది సాయంత్రం లోడుకే పోతుంది. 10కె లింకుకు ఎల్‌టీ లైను మీద చేయి చాచే దూరం చాలా తక్కువ: 50 మీటర్ల దగ్గరి ఫాల్టుకు దాదాపు 10 సెకన్లు పట్టవచ్చు, 80, 90 మీటర్లు దాటితే పోతుందన్న భరోసా లేదు. అంటే ఒకటి రెండు స్తంభాల దూరం.

కాబట్టి లైను మీది ఫాల్టులను విడదీసే బాధ్యత పూర్తిగా ఎల్‌టీ వైపుదే. ఇక్కడ కూడా 133 ఆంపియర్లకు సరిపోయేలా ఒకే పెద్ద ఫ్యూజు పెడితే 190 ఆంపియర్ల ఫాల్టుకు అది చాలాసేపు ఊరుకుంటుంది. లైనును ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే మూడు ఫీడర్లుగా విడదీసి, ఒక్కోదానికి 63 ఆంపియర్ల ఫ్యూజు పెడితే అదే 190 ఆంపియర్లు దానికి మూడు రెట్లవుతుంది, తెగుతుంది. తీగ తెగి నేల మీద పడిన సందర్భంలో మట్టి నిరోధం వల్ల కరెంటు ఇంకా తగ్గిపోతుంది. ఈ ఫ్యూజుల్లో ఏదీ దాన్ని నమ్మకంగా ఆపదు. తెగిపడిన తీగలో కరెంటు ఉందనే భావించాలని రైతులకు చెప్పి ఉంచడం తప్ప ఫ్యూజు పరిమాణంతో దానికి పరిష్కారం లేదు.

లింకు పోయినప్పుడు ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది వేయకండి. స్విచ్ మూసిన క్షణంలోనే పోతే ఛార్జింగు కరెంటో, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఫాల్టో అయి ఉంటుంది. ఎల్‌టీ ఫ్యూజులు తీసేసి మెగ్గర్ చూసిన తర్వాతే మళ్లీ ఛార్జ్ చేయాలి. మూసిన కొన్ని సెకన్ల తర్వాత పోతే మోటార్ల భారమని అనుమానించాలి. నడుస్తూ నడుస్తూ ఒకే లింకు పోతే ఎల్‌టీలో దాని గుర్తు ప్రత్యేకంగా ఉంటుంది: ఒక ఫేజుకు న్యూట్రల్‌తో పూర్తి వోల్టేజి, మిగతా రెండింటికి సుమారు సగం కనిపిస్తాయి. ఎల్‌టీ ఫ్యూజు పోతే ఇలా ఉండదు, ఆ ఒక్క ఫేజే చచ్చిపోతుంది. సగం వోల్టేజి కనిపించిన వెంటనే రైతులచేత మోటార్లు ఆపించండి, లేకపోతే వైండింగులు కాలతాయి. ఒక లింకు పోయినా మూడూ మార్చడం నా పద్ధతి, ఎందుకంటే ఫేజు-న్యూట్రల్ షార్టులో అదే కరెంటు రెండో లింకులో కూడా పారి దాన్ని సగం కాల్చి వదిలి ఉంటుంది. పైకి బాగానే కనిపించే ఆ లింకు తర్వాతి ఛార్జింగుకు పోతుంది. మార్చేటప్పుడు లైన్ క్లియర్ తీసుకుని, ఏబీ స్విచ్ తెరిచి, మూడు బ్లేడ్లూ విడిపోయాయని కంటితో చూసి, రెండు వైపులా ఎర్త్ చేసిన తర్వాతే స్తంభం ఎక్కించాలి. ఎల్‌టీ వైపు నుంచి ఎవరి జనరేటరో వెనక్కి తన్నే అవకాశం ఉంది కాబట్టి ఆ రెండో ఎర్తును వదలకూడదు.

చివరిగా, 10కె వేసిన తర్వాత కూడా సరఫరా వచ్చిన కొన్ని సెకన్లకు లింకులు పోతున్నాయంటే కారణం ఆటో స్టార్టర్లు. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు 18 ఉన్నాయనుకుంటే వాటి మొత్తం కరెంటు పూర్తి లోడంత. అన్నీ ఒకే క్షణంలో లేస్తే వోల్టేజి పడిపోగా కూడా నాలుగు రెట్ల దాకా లాగుతాయి, అంటే హెచ్‌టీలో 21 ఆంపియర్లు, కొన్ని సెకన్లపాటు. 10కె లింకు దానికి వెంటనే తెగదు గానీ రోజూ అలిసిపోతుంది. ఇలాంటప్పుడు 10 ఆంపియర్ల టి రకం లింకు వేయమని సలహా ఇచ్చేవారుంటారు. అది నెమ్మది లింకు. 10 సెకన్ల దగ్గర కొంచెం ఎక్కువ, 26.5 ఆంపియర్ల వరకు, ఓర్చుకుంటుంది. కానీ 67 ఆంపియర్ల ఎల్‌టీ షార్టుకు కూడా అది అంతే నెమ్మదిగా స్పందిస్తుంది, రెండున్నర సెకన్ల హద్దుకు దగ్గరగా పోతుంది. మోటార్ల కోసం ట్రాన్స్‌ఫార్మర్ రక్షణను వదులుకోవడం నాకు సమ్మతం కాదు. ఆలస్యపు టైమరున్న ఆటో స్టార్టర్లలో సమయాన్ని ఒక్కో గుంపుకు ఒక్కోలా, మొదటి ఆరు మోటార్లకు 10 సెకన్లు, తర్వాతి ఆరుకు 30, మిగతావాటికి 50 అని పెట్టించండి. టైమరు లేనివాటికి బయట ఒక చిన్న టైమరు రిలే కలపవచ్చు. అప్పుడు ఒక గుంపు పూర్తి వేగం అందుకున్న తర్వాతే రెండోది లేస్తుంది, హెచ్‌టీలో కరెంటు ఎప్పుడూ 13, 14 ఆంపియర్లు దాటదు, 10కె లింకు దాన్ని నిరంతరంగానే మోయగలదు.